స్లాబ్ ముందు ఆగిపోయిన ఇల్లు

హోస్ట్: గుంటూరు గోరంట్ల దగ్గర మీరు చూసిన ఇంట్లో పని నలభై రోజులు ఆగిపోయిందన్నారు. లోన్ శాంక్షన్ అయ్యాక కూడా ఎందుకాగిందండీ?

ఇంజినీర్: శాంక్షన్ అయితే డబ్బు చేతికొచ్చినట్టు కాదు కదండీ. ఎస్టిమేట్ 40 లక్షలు, లోన్ 30, సొంత డబ్బు 10. ముందు మీ 10 లక్షల పని సైట్‌లో కనబడాలి, తర్వాతే మొదటి విడత 6 లక్షలు ఇస్తామని బ్యాంకు లెటర్‌లో రాసింది. ఆ లెటర్ మాత్రం ఎవరూ చదవలేదు.

హోస్ట్: కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్ ఎలా ఉంది?

ఇంజినీర్: అడ్వాన్స్ 4 లక్షలు, బేస్‌మెంట్ అయ్యాక 6. స్లాబ్ పని మొదలుపెట్టే ముందు 12. బేస్‌మెంట్ అయ్యేసరికి ఇంటాయన 10 లక్షలూ కట్టేశారు. బ్యాంకు ఇంజినీర్ వచ్చి, జరిగిన పని విలువ 8 లక్షలే అన్నాడు.

హోస్ట్: మిగతా 2 లక్షలు ఎక్కడికి పోయాయి?

ఇంజినీర్: మట్టిలోకే! అది నల్లరేగడి నేల. పునాది అనుకున్నదానికంటే లోతుగా తీయాల్సొచ్చింది. ఎస్టిమేట్‌లో బేస్‌మెంట్‌కు వేసింది 8 లక్షలే కాబట్టి బ్యాంకు ఇంజినీర్ అంతే లెక్కేశాడు. ఇటు కాంట్రాక్టరేమో 12 ఇస్తే గానీ సెంట్రింగ్ రాదని కూర్చున్నాడు. నిజానికి తప్పు అతనిదీ కాదు, అగ్రిమెంట్‌లో అలాగే ఉంది మరి.

హోస్ట్: ఎలా తేలింది?

ఇంజినీర్: ఆ 12 లక్షలను మూడు ముక్కలు చేశాం. కాలమ్స్ స్లాబ్ ఎత్తుకు లేస్తే 3, సెంట్రింగ్ వేసి ఇనుము కట్టాక 4, కాంక్రీట్ పోశాక 5. మొదటి 3 లక్షలకు ఇంటాయన ఇంట్లో బంగారం తాకట్టు పెట్టారు. కాలమ్స్ లేచాక పని విలువ 11 లక్షలు తేలింది, మొదటి విడత 6 పడింది. అందులోంచే 4 ఇచ్చారు. కాంక్రీట్ పోశాక 5 లక్షలు రెండో విడత నుంచి కట్టారు.

హోస్ట్: ఆ బంగారం తాకట్టు తప్పేదా?

ఇంజినీర్: ముందే చూసుకుంటే చాలావరకు తప్పేది. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు బ్యాంకు లెటర్ పక్కన పెట్టుకుని చదవాలి. బ్యాంకు పని అయ్యాక ఇస్తుంటే, కాంట్రాక్టర్‌కు 'మొదలుపెట్టే ముందు' అని ఎలా రాస్తాం? 'పూర్తయిన 15 రోజుల్లోపు' అని రాయాలి, ఎందుకంటే బ్యాంకు ఇంజినీర్ వచ్చి రిపోర్ట్ ఇవ్వడానికే టైమ్ పడుతుంది. నల్లరేగడి అయితే పునాది అదనపు ఖర్చును ఎస్టిమేట్‌లో ముందే చూపించాలి. లేకపోతే అది మీ జేబుమీదే పడుతుంది.

హోస్ట్: స్లాబ్ అయ్యిందంటే ఏది అయినట్టు?

ఇంజినీర్: మంచి ప్రశ్న. కాంట్రాక్టర్‌కు కాంక్రీట్ పోసిన రోజే అయినట్టు. ఒక బ్యాంకులో సెంట్రింగ్ విప్పాక రమ్మన్నారు. ఆ మాట కూడా ముందే అడిగి రాయించుకోండి.

హోస్ట్: చివర్లో కాంట్రాక్టర్‌కు ఇవ్వాల్సిన డబ్బులో ఏమైనా ఆపుకున్నారా?

ఇంజినీర్: 2 లక్షలు. మేడమీద నీళ్లు కట్టి చూస్తే మెట్ల గది మూల కారింది. కాంట్రాక్టర్ మర్నాడే మనిషిని పంపించాడు!