సస్టైనబిలిటీ రిపోర్టులో మూడు అంకెలు: ప్లాంట్లు, మనుషులు, పొగ

అందరికీ నమస్కారం. మన చెన్నై చుట్టూ శ్రీపెరుంబుదూరు, ఒరగడం, మణలి, కాస్త పైకి వెళ్తే శ్రీసిటీ. ఈ సభలో ఉన్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు ఈ ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు, లేదంటే ఆ కంపెనీల షేర్లు కొన్నారు, లేదంటే ఆ గోడ పక్కనే ఇల్లు కట్టుకున్నారు. ముగ్గురికీ పనికొచ్చే కాగితం ఒకటుంది. దాన్ని ఎక్కడ వెతకాలో, అందులో ఏ అంకెను దేనితో సరిచూసుకోవాలో ఇవాళ చెబుతాను.

స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయిన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు ఈ రిపోర్టు ఇచ్చి తీరాలని సెబీ నియమం. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది తప్పనిసరి అయింది. దీని పేరు BRSR, అంటే Business Responsibility and Sustainability Report. కంపెనీ వెబ్‌సైటులో అందమైన ఫొటోలతో కనిపించే సస్టైనబిలిటీ రిపోర్టు వేరు, ఇది వేరు. ఆ ఫొటోల రిపోర్టులో ఏం రాయాలో కంపెనీయే నిర్ణయించుకుంటుంది. BRSRలో ప్రశ్నలు సెబీవి, జవాబులే కంపెనీవి. అందుకే నేను ముందు దీన్నే తెరవమంటాను. ఇది వార్షిక నివేదికలో భాగంగా ఉంటుంది. విడిగా కావాలంటే ఎన్‌ఎస్‌ఈ సైటులో Corporate Filings కింద దొరుకుతుంది. లిస్టు కాని కంపెనీకి ఈ నియమం వర్తించదు. విదేశీ కంపెనీల ఇక్కడి ప్రైవేటు శాఖలు చాలావరకు ఈ కోవలోవే. వాటి మాతృసంస్థ తన దేశంలో ఇచ్చే రిపోర్టులో చెన్నై ప్లాంటు ప్రపంచం మొత్తం లెక్కలో కలిసిపోతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. వాహనాల విడిభాగాలు చేసే కంపెనీ ఒకటుందనుకోండి. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. వెబ్‌సైటులో మాకు ఐదు ప్లాంట్లున్నాయని ఉంది. BRSR మొదటి భాగంలో Number of locations అనే పట్టికలో మాత్రం నాలుగే ఉన్నాయి. ఐదోది ఏమైంది?

దీనికి జవాబు అదే భాగంలో కాస్త పైన, Reporting boundary అనే ప్రశ్న దగ్గర ఉంటుంది. అక్కడ standalone అని ఉంటే రిపోర్టు ఆ ఒక్క కంపెనీ గురించే. consolidated అని ఉంటే అనుబంధ సంస్థలు కూడా కలుస్తాయి. మన కంపెనీ standalone అని రాసింది. శ్రీసిటీ ప్లాంటు దాని అనుబంధ సంస్థ పేరు మీద నడుస్తోంది. కాబట్టి ఆ ప్లాంటులో పనిచేసే మన నెల్లూరు, తిరుపతి కుర్రాళ్ళు ఈ రిపోర్టులోని ఉద్యోగుల లెక్కలో లేరు. అక్కడ కాలిన డీజిలు, వాడిన కరెంటు కూడా ఈ కాలుష్యం లెక్కలో లేవు. కంపెనీ ఏదీ దాచలేదు, నియమం ప్రకారమే రాసింది. చదివేవాళ్ళు ఆ ఒక్క మాట చూడకపోతే మిగతా అంకెలన్నీ తప్పుగా అర్థమవుతాయి. అందుకే నేను ఏ రిపోర్టు తెరిచినా మొదట చూసేది ఆ ప్రశ్నే.

ఆ పట్టికలో ప్లాంట్ల సంఖ్యే ఉంటుంది, ఊళ్ళ పేర్లు సాధారణంగా ఉండవు. పేర్ల కోసం వార్షిక నివేదికలోనే కార్పొరేట్ గవర్నెన్స్ భాగానికి వెళ్ళాలి. అక్కడ వాటాదారుల సమాచారం చివర Plant locations ఇవ్వాలని సెబీ నిబంధన ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ ఊరు లెక్కలోకి వచ్చిందో, ఏది రాలేదో తేలిపోతుంది.

తర్వాత మనుషులు. ఇక్కడ రెండు పట్టికలుంటాయి. ఒకటి Employees, రెండోది Workers. షాపుఫ్లోరు మీద పనిచేసేవాళ్ళు రెండోదాంట్లో వస్తారు. మన కంపెనీలో పర్మనెంటు వర్కర్లు 1,800 మంది, Other than Permanent అన్న వరుసలో 4,200 మంది. అంటే నూటికి డెబ్భై మంది పర్మనెంటు కానివాళ్ళు. కంపెనీ ఛైర్మన్‌గారి ఉపన్యాసంలో ఈ అంకె కనబడదు, పట్టికలో కనబడుతుంది. ఆరోగ్య బీమా ఎంతమందికి ఉందన్న పట్టిక రిపోర్టులో Principle 3, అంటే మూడో సూత్రం అనే భాగం కింద వస్తుంది. అందులోనూ పర్మనెంటు వాళ్ళ వరుస వేరు, మిగతావాళ్ళ వరుస వేరు. నూటికి నూరు శాతం అని పెద్దక్షరాల్లో కనిపిస్తే అది ఏ వరుసదో చూడండి. ఇంట్లో పిల్లవాడు ఆ కంపెనీలో కాంట్రాక్టు మీద చేరబోతుంటే వాడికి వర్తించేది కింది వరుస. ఉద్యోగం మానేసేవాళ్ళ శాతం మాత్రం పర్మనెంటు వాళ్ళకే అడుగుతారు. కాంట్రాక్టు కుర్రాళ్ళు ఎంత తరచుగా మారిపోతున్నారో ఈ రిపోర్టు చెప్పదు.

ఇక పొగ లెక్క. ఇక్కడ కొంచెం నిదానిద్దాం, ఎందుకంటే దీన్ని మనమే ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. ఆరో సూత్రం కింద ముందు ఇంధనం పట్టిక, తర్వాత ఉద్గారాల పట్టిక ఉంటాయి. ప్లాంటు లోపల మండించిన ఇంధనం వల్ల వచ్చేది స్కోప్ 1. బయటి నుంచి కొన్న కరెంటు కోసం ఎక్కడో థర్మల్ స్టేషన్లో బొగ్గు మండినప్పుడు వచ్చేది స్కోప్ 2.

మన కంపెనీ పునరుత్పాదకం కాని కరెంటు 5,40,000 గిగాజౌళ్ళు వాడానంది. ఒక మెగావాట్ అవర్ అంటే 3.6 గిగాజౌళ్ళు. భాగిస్తే 1,50,000 మెగావాట్ అవర్లు. మన దేశపు గ్రిడ్ కరెంటుకు మెగావాట్ అవర్‌కి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. ఈమధ్య సంవత్సరాల్లో అది సుమారు 0.7 టన్నులు. అంటే స్కోప్ 2 కింద దాదాపు 1,05,000 టన్నులు ఉండాలి. రిపోర్టులో 84,000 అని ఉంది. గ్రిడ్ అంకె ఏ ఏడాదిది తీసుకున్నా రెండు మూడు శాతమే మారుతుంది, ఇరవై శాతం మారదు. కాబట్టి ఇంకో కారణం ఉండాలి. కరెంటు లెక్కలో నాలుగు ప్లాంట్లూ కలిపి, ఉద్గారాల్లో మూడే కలిపి ఉండొచ్చు. తమిళనాడు గాలిమరల నుంచి కొన్న కరెంటును పైపట్టికలో పొరపాటున పునరుత్పాదకం కాని వరుసలోనే వేసి, కింద మాత్రం సున్నాగా లెక్కపెట్టి ఉండొచ్చు. పునరుత్పాదక సర్టిఫికెట్లు కొని తగ్గించుకుని ఉండొచ్చు. పట్టిక కింది చిన్నక్షరాల నోటు చదివితే చాలాసార్లు తెలిసిపోతుంది. నోటు లేకపోతే అదే అడగాల్సిన ప్రశ్న.

స్కోప్ 1కీ ఇలాంటి లెక్కే ఉంది. ఒక గిగాజౌల్ సహజవాయువు మండితే దాదాపు 56 కిలోలు, డీజిలైతే 74, బొగ్గయితే 95 దాకా వస్తుంది. మన కంపెనీ 2,00,000 గిగాజౌళ్ళ ఇంధనానికి 13,000 టన్నులు చూపింది. గిగాజౌల్‌కి 65 కిలోలు. గ్యాసూ డీజిలూ కలిపి వాడే ప్లాంటుకు ఇది కుదురుతుంది. సిమెంటు కంపెనీకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ ఇంధనంతో పాటు సున్నపురాయి కాలినప్పుడు కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి అంకె ఈ హద్దులు దాటిపోతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఉద్గారాల తీవ్రత తగ్గిందని పట్టికలో కనిపిస్తుంది. అది రూపాయి టర్నోవరుకి ఎంత అన్న లెక్క. టర్నోవరు ఇరవై శాతం పెరిగి, పొగ పది శాతం పెరిగితే తీవ్రత ఎనిమిది శాతం తగ్గినట్టు వస్తుంది. పక్క ఊరి గాలిలోకి వెళ్ళినది మాత్రం పది శాతం ఎక్కువే. మొత్తం టన్నుల వరుస చూడండి, దాని పక్కనున్న నిరుటి అంకె కూడా చూడండి.

మణలిలో ఇల్లున్నవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: మా వీధి పక్కనున్న ప్లాంటు ఒక్కటీ ఎంత వదులుతోంది? ఆ జవాబు BRSRలో దొరకదు, అది కంపెనీ మొత్తానికి ఒకే అంకె ఇస్తుంది. ప్లాంటువారీ లెక్క కావాలంటే వేరే కాగితాలు అడగాలి. పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టు ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలికి ప్రతి సెప్టెంబరు 30లోగా ఫారం 5 అనే పర్యావరణ ప్రకటన కూడా ఇవ్వాలి. మొదటిది కంపెనీ వెబ్‌సైటులో ఉండాలి, లేకపోతే రెండింటినీ సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు. ప్లాంటు ఏ ఊళ్ళో ఉందో, ఏ కంపెనీ పేరు మీద ఉందో దరఖాస్తులో సరిగ్గా రాయాలి. శ్రీసిటీ ప్లాంటు గురించి మాతృసంస్థ పేరు రాసి పంపితే అలాంటి యూనిట్ లేదని జవాబొస్తుంది.