ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఒక్క లైన్, దాని వెనకాల మూడు కాగితాలు

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక నన్ను మాట్లాడమన్నారు కాబట్టి ఎవరికైనా నిద్రొస్తే తప్పు నాది కాదు, ఆ గోంగూరది. నేను ఇక్కడ ఒక యూనివర్సిటీలో ఎంఎస్ పిల్లల ఇంటర్న్‌షిప్ కోర్సు చూసుకుంటాను, మీలో చాలామంది ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళే కాబట్టి అమెరికాలో క్రెడిట్‌కి చేసే ఇంటర్న్‌షిప్, అదే మనం సీపీటీ అంటామే, దాని గురించే చెప్తా.

మనవాళ్ళు "అన్నా, సీపీటీ వచ్చేసింది" అంటారు గానీ అక్కడ నిజానికి రెండు అప్రూవల్స్ ఉంటాయి. ఈ పని నీ డిగ్రీలో భాగమే అని డిపార్ట్‌మెంట్ ఒప్పుకుని కోర్సులో చేర్చుకోవడం ఒకటి. అది చూసి ఇంటర్నేషనల్ ఆఫీసులో మన వీసా కాగితాలు చూసే డీఎస్ఓ, గవర్నమెంటు వాళ్ళ సెవిస్ సిస్టమ్‌లో ఎక్కించి కొత్త ఐ-20 కాగితం ఇవ్వడం రెండోది. ఆ ఐ-20 రెండో పేజీలో కంపెనీ పేరు, మొదలయ్యే తేదీ, అయిపోయే తేదీ, ఫుల్ టైమా పార్ట్ టైమా అన్నీ ఉంటాయి. ఇమిగ్రేషన్ వాళ్ళకి అప్లికేషన్ లేదు, ఫీజు లేదు, కానీ ఆ క్రెడిట్లకి ట్యూషన్ మాత్రం కట్టాల్సిందే, సమ్మర్‌లో పని చేస్తూ కాలేజీకే ఎదురు డబ్బులు కట్టడమేంటని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు నాతో గొడవేసుకుంటారు. మామూలుగా అయితే ఒక అకడమిక్ ఇయర్ చదివాకే ఇది దొరుకుతుంది.

ఒక కుర్రాడి సంగతి చెప్తా, గుంటూరు వైపు అబ్బాయి, గోడౌన్లు నడిపే కంపెనీలో డేటా పని, వారానికి 40 గంటలు, 10 వారాలు. లెర్నింగ్ అగ్రిమెంట్ పట్టుకొచ్చాడు, అందులో ఏం నేర్చుకుంటావ్ అన్నచోట "పైథాన్ నేర్చుకుంటాను, టీమ్‌కి సాయం చేస్తాను" అని రాశాడు. వెనక్కిచ్చేశా. ఎందుకంటే ఆ వాక్యం ఏ ఉద్యోగానికైనా సరిపోతుంది, మా కోర్సుకీ ఆ పనికీ సంబంధం ఎక్కడుందో అందులో కనపడదు, సీపీటీ నిలబడేదే ఆ సంబంధం మీద. రెండోసారి ఇలా రాశాడు: కస్టమర్లు తిప్పి పంపిన సరుకు డేటా శుభ్రం చేసి, వచ్చే వారం ఎంత తిరిగొస్తుందో అంచనా కట్టే మోడల్ చేస్తా, డేటా మైనింగ్ క్లాసులో చెప్పిన పద్ధతిలో తప్పు ఎంతుందో కొలిచి రిపోర్టులో పెడతా. ఇదీ కావాల్సింది. దాని మీద అబ్బాయి, కంపెనీ మేనేజరు, మా ఫ్యాకల్టీ ముగ్గురూ సంతకాలు పెట్టారు.

తర్వాత అసలు చిక్కొచ్చింది. ఐ-20లో మొదలయ్యే తేదీ జూన్ 2, ఆఫర్ లెటర్‌లో మే 27. మేనేజరు "ఊరికే ఓరియెంటేషనే కదా, వచ్చెయ్" అన్నాడట, వీడూ వెళ్దామనుకున్నాడు. బాబూ, డబ్బులిచ్చే ట్రైనింగ్ కూడా పనే, ఐ-20లో తేదీకి ఒక్కరోజు ముందు చేసినా అనుమతి లేని పనే అవుతుంది, స్టేటస్‌కే ముప్పు. కంపెనీతో మాట్లాడి ఆఫర్ లెటర్ తేదీ మార్పించాం, ఒక్క ఈమెయిల్‌తో అయిపోయింది. ఆఫర్ లెటర్, అగ్రిమెంట్, ఐ-20, మూడూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు, గంటలు, కంపెనీ పేరు కలుస్తున్నాయో లేదో మీరే చూసుకోండి. మధ్యలో కంపెనీ మారితే మళ్ళీ కొత్తగా అప్రూవల్, కోర్సు డ్రాప్ చేస్తే సీపీటీకి ఆధారమే పోతుంది. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ పోతుంది, ఒక్క సమ్మర్ చేసేవాళ్ళకి ఆ భయం అక్కర్లేదు.

ఇక రికార్డు. మా దగ్గర ఒక క్రెడిట్‌కి 45 గంటలు, మూడు క్రెడిట్లకి 135. వాడు 400 గంటలు చేశాడు, అయినా మూడే, ఎక్కువ గంటలకి ఎక్కువ క్రెడిట్లు రావు, ఎందుకంటే క్రెడిట్ ఇచ్చేది జీతం పనికి కాదు, మేనేజరు ఇచ్చే ఇవాల్యుయేషన్, వీడు రాసే రిపోర్టు చూసి. రిపోర్టు లేటైతే "ఇన్‌కంప్లీట్" అని పడుతుంది. అన్నీ సరిగ్గా ఇస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో కోర్సు నంబరు, "ఇంటర్న్‌షిప్", మూడు క్రెడిట్లు, పక్కన సాటిస్‌ఫాక్టరీ అని ఒక ఎస్ అక్షరం, అంతే. జీపీఏలో కలవదు. కంపెనీ పేరుండదు, ఏం చేశాడో ఉండదు.

ఆ ఒక్క లైనే కొన్నేళ్ళ తర్వాత తలనొప్పవుతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసాకి వేసినప్పుడు కొందరికి సీపీటీ గురించి ప్రశ్నలొస్తాయి, అది డిగ్రీలో భాగమని చూపించమంటారు. మా పాత స్టూడెంట్ ఒకమ్మాయికి అలాగే వచ్చింది, అప్పటికి ఆ మేనేజరు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు, అగ్రిమెంటేమో తన యూనివర్సిటీ మెయిల్‌లోనే ఉంది, చదువైపోయాక ఆ మెయిల్ మూసేశారు. చివరికి మా డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఒక కాపీ దొరికింది కాబట్టి బయటపడింది గానీ మేం కూడా ఎల్లకాలం దాచం. సిలబస్, అగ్రిమెంట్, రిపోర్టు, ఆ సీపీటీ ఉన్న ఐ-20, పే స్టబ్స్ అన్నీ మీ సొంత మెయిల్‌కి పంపుకోండి.

సరే, చేతులు లేస్తున్నాయి. వెనక వరసలో ఆ నీలం చొక్కా అబ్బాయి నుంచి మొదలెడదాం.