‘ఇరవై కడితే ముప్పై ఆరు’: పొదుపు పాలసీలపై స్టూడియో చర్చ, పూర్తి పాఠం

(బీమా, పొదుపు కలిసి ఉండే ఇరవై ఏళ్ల ఎండోమెంట్ పాలసీ గడువు తీరాక ఒకాయన చేతికొచ్చిన కాగితం ఫోటో ఈ వారం ఫోన్ల నిండా తిరిగింది. ఏటా లక్ష చొప్పున 20 లక్షలు కట్టాడు, 36 లక్షలు వచ్చాయి. కింద ‘నన్ను మోసం చేశారు’ అని చేత్తో రాశాడు. చర్చ దాని మీదే. పాల్గొన్నవారు: ఒక ఆర్థిక సలహాదారు, బీమా లెక్కలు కట్టే ఒక యాక్చువరీ, పాలసీలు అమ్మి మానేసిన ఒక మాజీ ఏజెంట్. ముగ్గురికీ సమాన సమయం ఇస్తామని మొదట్లో చెప్పారు. ఎవరికెంత దక్కిందో చదివితే తెలుస్తుంది.)

వ్యాఖ్యాత: నేరుగా అడుగుతాను. ఈ పెద్దమనిషి డబ్బు ఎవరు తిన్నారు? ఏజెంటేనా?

సలహాదారు: అందరూ తిన్నారండీ! 20 పెట్టి 36 తీసుకున్నాడు. అంటే లాభం 16. ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి నాలుగు శాతం. నాలుగంటే నాలుగు! ధరలు పెరిగే వేగానికి ఇది...

యాక్చువరీ: నాలుగు కాదండీ.

సలహాదారు: మేడమ్, నన్ను పూర్తి చేయనివ్వండి. ఇది బీమా కాదు, పెట్టుబడి కూడా కాదు. రెండు పడవల మీద కాళ్లు.

వ్యాఖ్యాత: మేడమ్, నాలుగు కాదంటున్నారు. మరి ఎంత?

యాక్చువరీ: దాదాపు 5.3 శాతం. ఆయన 20 లక్షలూ మొదటి రోజే ఇవ్వలేదు కదా. మొదటి లక్ష ఇరవై ఏళ్లు పనిచేసింది, చివరి లక్ష ఒక్క ఏడాదే. ఆ తేడా పట్టించుకోకుండా సగటు తీస్తే తప్పు వస్తుంది. అయితే 5.3 గొప్ప రాబడి అని కూడా నేను అనను.

సలహాదారు: అదే నేనూ అంటున్నా! నాలుగైనా, అయిదైనా...

వ్యాఖ్యాత: కమిషన్ సంగతి చెప్పండి. మొదటి ఏడాది కట్టినదాంట్లో పెద్ద వాటా ఏజెంటుకే పోతుందంటారు.

మాజీ ఏజెంట్: పోతుంది సార్, నేను తీసుకున్నాను కాబట్టి చెబుతున్నా. మొదటి ఏడాది ఎక్కువ, తర్వాత ఏటా తగ్గుతుంది. కానీ ఇల్లిల్లూ తిరిగేది మేమే. యజమాని పోయిన ఇంటికి చెక్కు పట్టుకుని వెళ్లిందీ మేమే. ఆ రోజు ఆ ఇల్లాలు రాబడి ఎంత శాతమని అడగలేదు.

సలహాదారు: ఆ చెక్కు ఎంత? 20 లక్షలు! ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది ఎన్నేళ్లు వస్తుంది?

మాజీ ఏజెంట్: అసలు లేకపోవడం కన్నా...

సలహాదారు: ఇదే మాట! ‘అసలు లేకపోవడం కన్నా’. ఈ ఒక్క మాట మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

(కాసేపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరి మాటా సరిగా వినిపించలేదు.)

వ్యాఖ్యాత: ఒక్కొక్కరుగా. మేడమ్, కమిషన్ వల్లే రాబడి తగ్గిందా? అవునా, కాదా?

యాక్చువరీ: కొంత. కానీ పెద్ద కారణం బోనస్ లెక్కలో ఉంది. ఈ పాలసీ సమ్ అష్యూర్డ్, అంటే హామీ ఇచ్చిన మొత్తం, 20 లక్షలు. బోనస్ అందులో ప్రతి వెయ్యికి 40 చొప్పున ప్రకటించారు, అంటే ఏటా 80 వేలు. ఇరవై ఏళ్లకు 16 లక్షలు. ఆ 20, ఈ 16 కలిపితే 36. మొదటి ఏడాది రాసిన 80 వేలు ఇరవయ్యో ఏట కూడా 80 వేలే. దాని మీద వడ్డీ పుట్టదు. వెయ్యికి 40 అనగానే జనం బ్యాంకు వడ్డీలాగా ఏటా పెరుగుతుందనుకుంటారు. చక్రవడ్డీ లేని పొదుపు ఇది.

వ్యాఖ్యాత: అంటే ఏజెంటు ఆ మాట చెప్పలేదు!

మాజీ ఏజెంట్: మాకూ ఎవరూ అలా విడమరిచి చెప్పలేదు సార్. చివర్లో ఎంత వస్తుందో అంకె చూపించమన్నారు, చూపించాం.

సలహాదారు: చూశారా, ఒప్పుకున్నారు!

యాక్చువరీ: రెండో కారణం కూడా చెప్పనివ్వండి. ముప్పైల్లో ఉన్న ఆరోగ్యవంతుడు ఒక ఏడాదిలో చనిపోయే అవకాశం స్థూలంగా వెయ్యికి ఒకటి. 20 లక్షల రక్షణకు ఆ ఏడాది అసలు ఖర్చు రెండు వేలు. కట్టించుకున్నది లక్ష. అంటే మిగతా 98 వేలూ బీమా కాదు, కంపెనీ చేతిలో పెట్టిన పొదుపు. అందులోంచే వాళ్ల ఖర్చులు, కమిషన్, మీకిచ్చిన హామీకి కట్టే ధర పోతాయి. హామీ ఉంది కాబట్టి ఆ డబ్బును ఎక్కువగా బాండ్లలోనే పెట్టాలి. బాండ్ల రాబడిలోంచి ఖర్చులు తీస్తే ఎంత మిగులుతుందో మీరే ఊహించండి.

వ్యాఖ్యాత: కమిషన్ అన్నారు కదా, అది...

యాక్చువరీ: (నవ్వుతూ) మీరు దాన్ని వదలరు. కమిషన్ దెబ్బ ముఖ్యంగా మొదటి కొన్నేళ్ల మీద పడుతుంది. ఇలాంటి పాత పాలసీలను తొలి రెండు మూడేళ్లలో వదిలేస్తే చేతికి దాదాపు ఏమీ రాకపోవడానికి అదొక కారణం. చివరిదాకా కట్టిన ఈయన విషయంలో దాని వాటా చిన్నది.

సలహాదారు: పొదుపును మార్కెట్‌లో పెట్టే యూనిట్ లింక్డ్ పాలసీలు ఇంకా దారుణం! అందులో మార్కెట్ పడినా చార్జీ ఆగదు. వయసు పెరిగే కొద్దీ బీమా రక్షణకు కోసే చార్జీ పెరుగుతుంది. నా దగ్గరికి ఒకాయన వచ్చాడు...

వ్యాఖ్యాత: ఆయన కథ తర్వాత చెబుదురు, ముందు ఇది తేల్చుదాం.

సలహాదారు: రెండు నిమిషాల్లో అవుతుంది. (నాలుగు నిమిషాలు చెప్పారు. ఫండ్ ఎంపిక, మార్కెట్ పడినప్పటి భయం, తన సొంత కార్యాలయం ప్రస్తావన ఉన్నాయి. ఆ భాగం ఇక్కడ ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: సరే. మరి బీమానూ పొదుపునూ విడగొడితే ఎంత వచ్చేది? అదొక్కటి చెప్పండి.

యాక్చువరీ: అదే 20 లక్షలకు, చనిపోతేనే డబ్బిచ్చే టర్మ్ పాలసీ తీసుకున్నాడనుకుందాం. ప్రీమియం కాస్త ఎక్కువగానే, ఏడాదికి 5 వేలు అనుకుందాం. మిగిలిన 95 వేలు విడిగా పొదుపు చేయాలి. ఆరు శాతం వచ్చినా ఇరవై ఏళ్లకు 37 లక్షలు. ఏడు వస్తే 41 లక్షలు దాటుతుంది. ఇంకో మాట, అసలు రక్షణ 20 దగ్గరే ఎందుకు ఆగాలి? టర్మ్‌కు ఇంకొంచెం కడితే కోటి రక్షణ తీసుకోవచ్చు. ఈ పాలసీతో జరిగిన అసలు నష్టం రాబడిలో కన్నా ఇక్కడే ఎక్కువ. లక్ష కడుతున్నాను కాబట్టి బీమా ఉందనుకుని ఇరవై ఏళ్లు కూర్చున్నాడు.

మాజీ ఏజెంట్: మేడమ్ లెక్క కాదనను. కానీ ఆ 95 వేలు ప్రతి ఏడాదీ పక్కన పెట్టేదెవరు? మాకు తెలిసినవాళ్లలో సగం మంది మూడో ఏటికే బండి కొనేస్తారు. పాలసీ అయితే గడువు తేదీ ఉంటుంది, ఆగితే ల్యాప్స్ అవుతుందన్న భయం ఉంటుంది.

యాక్చువరీ: అది నిజమైన మాట. దాచనివాడికి విడగొట్టే లెక్క పనికిరాదు.

సలహాదారు: ఏం పనికిరాదు! జీతం పడ్డ రోజే బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లిపోయేలా పెట్టుకుంటే చాలు. క్రమశిక్షణ కోసం రాబడి వదులుకోవాలా? నేనొక్కటే చెబుతున్నా, చూస్తున్నవాళ్లందరూ రేపే వెళ్లి పాలసీ మధ్యలోనే ఆపేసి సరెండర్ చేయండి! ఎంతొస్తే అంత!

యాక్చువరీ: దయచేసి అలా చెప్పకండి.

వ్యాఖ్యాత: సరిగ్గా అదే అడుగుతూ ఒక ప్రేక్షకుడు రాశారు. ఇలాంటిదే పాలసీ, ఆరు ప్రీమియంలు కట్టారు. సరెండర్ చేస్తే 4.2 లక్షలు ఇస్తామన్నారట. ఏం చేయాలి?

సలహాదారు: తీసుకుని పారిపోవాలి. ఆరు కట్టాడు, ఒకటి ఎనభై పోయింది. ఉంటే ఇంకా పోతుంది.

యాక్చువరీ: ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పోయిన ఒకటి ఎనభై ఏం చేసినా తిరిగి రాదు. దాన్ని పక్కన పెట్టి, ఇవాళ ఆయన చేతిలో 4.2 లక్షలున్నాయి అనుకోండి. దారులు మూడు. సరెండర్ చేసి ఆ డబ్బు వేరేచోట పెట్టడం ఒకటి. ఇక కట్టకుండా పాలసీని పెయిడప్ చేయడం రెండోది. అప్పుడు సమ్ అష్యూర్డ్ ఇరవైలో ఆరు వంతుల లెక్కన 6 లక్షలకు తగ్గుతుంది. దానికి ఇప్పటిదాకా చేరిన బోనస్ 4.8 లక్షలు కలిపి, పద్నాలుగేళ్ల తర్వాత 10.8 లక్షలు వస్తాయి. 4.2 కాస్తా 10.8 అవుతోందంటే ఏడాదికి దాదాపు ఏడు శాతం.

వ్యాఖ్యాత: ఏడా? ఇందాక 5.3 అన్నారుగా?

యాక్చువరీ: అది మొదటి రోజు నుంచి లెక్క. ఇది ఇవాళ్టి నుంచి. తొలి ఏళ్ల దెబ్బ ఇప్పటికే తినేశాడు కాబట్టి ముందుకున్న దారి మెరుగ్గా కనిపిస్తుంది. మూడో దారి, చివరిదాకా కట్టడం. బోనస్ ఇదే రేటులో కొనసాగితే ఇవాళ్టి 4.2, ఇంకా కట్టే పద్నాలుగు లక్షలు కలిసి 36 అవుతాయి. అది ఏడు శాతం పైన, 7.3 దాకా వస్తుంది.

సలహాదారు: బోనస్ కొనసాగితే! ఆ ‘అయితే’ ఎంత పెద్దదో చెప్పరేం?

యాక్చువరీ: చెబుతున్నాను. ముందు ముందు వచ్చే బోనస్‌కు హామీ లేదు. తగ్గితే ఈ అంకె తగ్గుతుంది. అలాగే సరెండర్ వాల్యూ 4.2 కాకుండా 5.5 ఇస్తామంటే, కొనసాగించడం 6.4 దగ్గరికి పడిపోతుంది. అప్పుడు బయటికి రావడమే మేలు కావచ్చు. అందుకే ముందు కంపెనీని రాతపూర్వకంగా రెండు అంకెలు అడగాలి: ఇవాళ్టి సరెండర్ వాల్యూ, పెయిడప్ చేస్తే చివర్లో వచ్చేది.

మాజీ ఏజెంట్: పెయిడప్ చేస్తే కొన్నిటికి ఇక బోనస్ చేరదు, కొన్నిటికి చేరుతుంది. అదీ అడగమనండి.

యాక్చువరీ: అవును, నేను చేరదనే అనుకుని లెక్కేశాను. ఇంకో ముఖ్యమైన మాట. ముందు టర్మ్ పాలసీకి దరఖాస్తు చేసి, వైద్య పరీక్షలయ్యి, పాలసీ చేతికొచ్చాకే పాతదాన్ని కదిలించాలి. ఈ మధ్యలో షుగర్ బయటపడిందనుకోండి, కొత్తది రాకపోవచ్చు, వచ్చినా ఖరీదు పెరగొచ్చు. అప్పుడు పాత 20 లక్షలే దిక్కు. రేపే సరెండర్ చేయమంటే...

సలహాదారు: భయపెట్టి ఉంచడమే కదా మీ బీమా వాళ్ల పద్ధతి! ఆరోగ్యంగా ఉన్న నూటికి తొంభై మందికి నేను చెబుతున్నా. తీసేయండి! నాలుగు శాతం కోసం జీవితం...

యాక్చువరీ: 5.3.

సలహాదారు: సరే, నాలుగో అయిదో!

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. ఏజెంటు గారూ, ఒకే ప్రశ్న. మీరు తీసుకున్న కమిషన్ తిరిగిస్తారా?

మాజీ ఏజెంట్: (కాసేపు ఆగి) నా పేరున కూడా అలాంటి పాలసీలే మూడున్నాయి సార్.

వ్యాఖ్యాత: చివరిగా ఒక్క మాటలో. ఉంచాలా, తీసేయాలా?

సలహాదారు: తీసేయాలి. ఇవాళే.

వ్యాఖ్యాత: మేడమ్?

యాక్చువరీ: ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ఎన్నేళ్లు కట్టారు, ఎంత ఇస్తామంటున్నారు, వేరే టర్మ్ పాలసీ చేతిలో ఉందా అన్నది...

వ్యాఖ్యాత: క్షమించాలి, విరామం తీసుకోవాలి.

(మేడమ్ మాట ఇంకా పూర్తి కాలేదు. అప్పటికే తెర కింద ‘ఇవాళే తీసేయండి: నిపుణుల సలహా’ అని అక్షరాలు పరుగెడుతున్నాయి.)