మార్కులు పన్నెండు వస్తే జబ్బు ఉన్నట్టేనా?

శ్రోతలకు నమస్కారం. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ ఉందనుకోండి. అక్కడి వెయ్యిమంది పిల్లల చేత పీహెచ్‌క్యూ-9 అనే కాగితం నింపించారు. గత రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలేసిందా, దేనిమీదా మనసు పోకుండా ఉందా, ఇలా 9 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10గానీ, ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉందేమోనని అనుమానిస్తారు. ఒకమ్మాయికి 12 వచ్చాయి. చిత్తూరులో ఉన్న వాళ్లమ్మకు తెలిసి, "అయితే మా పిల్లకు జబ్బేనా సార్?" అని అడిగింది.

2001లో వెలువడిన అధ్యయనంలో ఈ కాగితం, డిప్రెషన్ ఉన్న నూరుమందిలో 88 మందిని పట్టింది. లేని నూరుమందిలోనూ 88 మందిని సరిగ్గానే వదిలేసింది. ఇది వినగానే ఆ అమ్మాయికి జబ్బు ఉండే అవకాశం నూటికి 88 అనేస్తాం. చదువుకున్నవాళ్లం కూడా ఇక్కడే బోల్తా పడతాం.

లెక్క వేద్దాం. ఆ వెయ్యిమందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు నూటికి 5గురు, అంటే 50 మంది అనుకుందాం. వాళ్లలో 44 మంది దొరుకుతారు, ఆరుగురు తప్పిపోతారు. మిగిలిన 950 మందికి జబ్బు లేదు. కానీ వాళ్లలో నూటికి 12 మందికి కాగితం పొరపాటున ఉందంటుంది. అంటే 114 మంది. వీళ్లనే ఫాల్స్ పాజిటివ్‌లు అంటారు. ఇప్పుడు 44, 114 కలిపితే 158. ఆ 158 మందిలో జబ్బు నిజంగా ఉన్నది 44 మందికే, నూటికి సుమారు 28. ఆ తల్లికి చెప్పాల్సిన అంకె ఇదీ.

అదే కాగితాన్ని మానసిక వైద్యుడి ఓపీలో ఇస్తే? అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి జబ్బు ఉందనుకుంటే, పాజిటివ్ వచ్చినవాళ్లలో నూటికి 88 మందికి నిజంగానే ఉంటుంది. కాగితం మారలేదు, గుంపు మారింది.

"అయితే ఇంకోసారి నింపిస్తే సరి" అంటారు కొందరు. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. పరీక్షల భయంతోనో, థైరాయిడ్ వల్లనో నిద్రపట్టని పిల్లకు రెండోసారీ అవే మార్కులు రావచ్చు. అనుమానించే గీతను 10 నుంచి 15కు పెంచితే ఫాల్స్ పాజిటివ్‌లు తగ్గుతాయి, కానీ అసలు రోగులు ఎక్కువమంది జారిపోతారు. అందుకే రెండో మెట్టు వేరుగా ఉండాలి. డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలి: ఎప్పటినుంచి, చదువూ తిండీ ఎంత దెబ్బతిన్నాయి, ఇంట్లో ఏం జరిగింది, శరీరంలో వేరే జబ్బేదైనా ఉందా అని.

అన్నట్టు, తొమ్మిదో ప్రశ్నకు ఈ లెక్కలేవీ వర్తించవు. చచ్చిపోతే బాగుండన్న ఆలోచన గురించి అడిగేది అదే. దానికి 0 కాక ఏ జవాబిచ్చినా, మొత్తం మార్కులు నాలుగే వచ్చినా సరే, ఆ రోజే ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది.