ఏడాదికోసారి సర్దుబాటు: ఎప్పుడు అమ్మాలి, ఎప్పుడు ఊరుకోవాలి?
(డబ్బు విషయాల ఫోన్-ఇన్ కార్యక్రమం, కొంత భాగం)

యాంకర్: హనుమకొండ నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే సార్. నాకు 46 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. 60 శాతం షేర్ల ఫండ్లలో, 40 శాతం భద్రంగా ఉండేవాటిలో పెట్టాలని ఐదేళ్ల కింద రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు యాప్ తెరిస్తే ఈక్విటీ 88 శాతం అని చూపిస్తోంది. 10 లక్షల 70 వేల విలువైన యూనిట్లు అమ్మేద్దామనుకుంటున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు సార్.

సలహాదారు: అమ్మే బటన్ ఇంకా నొక్కలేదు కదా? సరే, ఆ యాప్‌లో ఏమేం ఉన్నాయి?

కాలర్: ఈక్విటీ, అంటే షేర్ల ఫండ్లు 33.5 లక్షలు, బాండ్లలో పెట్టే డెట్ ఫండ్ 4.5 లక్షలు.

సలహాదారు: మీ పీఎఫ్ ఎంతుంది?

కాలర్: పీఎఫ్ 9 లక్షలు ఉంటుంది. పీపీఎఫ్ ఒక 3 లక్షలు.

సలహాదారు: అదీ సంగతి. యాప్‌కి మీ పీఎఫ్ సంగతి తెలియదు. పీఎఫ్, పీపీఎఫ్ రెండూ భద్రంగా ఉండే వాటాలోవే, అవి కలిపితే మొత్తం 50 లక్షలు. అందులో ఈక్విటీ 33.5, అంటే 67 శాతం. నెలజీతం వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. మీరు సరిచేయాల్సింది 10 లక్షల 70 వేలు కాదు, మూడున్నర లక్షలే.

కాలర్: అయితే మూడున్నర లక్షలవి అమ్మాలా?

సలహాదారు: అదీ వద్దు. నెలకి ఎంత దాస్తున్నారు?

కాలర్: సిప్ 20 వేలు, మొత్తం ఈక్విటీలోకే. పీఎఫ్‌లో నాది, కంపెనీది కలిపి నెలకి 10 వేలు జమవుతుంది.

సలహాదారు: ఆ 20 వేల సిప్‌ను ఒక్క ఏడాది డెట్ ఫండ్ వైపు తిప్పండి. ఏడాదికి 2 లక్షల 40 వేలు, పీఎఫ్‌లో ఎలాగూ పడే లక్షా 20 వేలు. మార్కెట్ ఎక్కడిదక్కడే ఉందనుకుంటే, వచ్చే ఏడాదికి మొత్తం 53.6 లక్షలు, ఈక్విటీ అదే 33.5. అంటే 62.5 శాతం. ఒక్క యూనిట్ అమ్మలేదు, రూపాయి పన్ను కట్టలేదు.

యాంకర్: మరి 62.5 అన్నా 60 కాదు కదా?

సలహాదారు: కాకపోతే ఏమైంది! నేను 5 పాయింట్లు హద్దు పెట్టుకుంటాను. 60 అనుకుంటే 55కీ 65కీ మధ్య ఎక్కడున్నా కదిలించను. ఈ 5 అనేది శాస్త్రంలో రాసిపెట్టిన అంకె కాదు, అలవాటుగా వాడే హద్దు. సార్ 67 దగ్గర ఉన్నారు, హద్దు దాటారు కాబట్టి ఏదో ఒకటి చెయ్యాలి. అయితే కొత్త డబ్బుతో సరిపోతున్నప్పుడు పాత డబ్బును కదపొద్దు. మార్కెట్ ఇంకా పెరిగి వచ్చే మార్చికి 68 అయితే, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

కాలర్: యాప్‌లో ‘స్విచ్’ అని ఉంది సార్. అది అమ్మినట్టు కాదు కదా?

సలహాదారు: అమ్మినట్టే! డబ్బు మీ బ్యాంకు ఖాతాకి రాకుండా ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కి వెళ్లినా, పన్ను వాళ్ల దృష్టిలో అది అమ్మకమే. ఎన్‌పీఎస్ పెన్షన్ ఖాతా ఉంటే మాత్రం దాని లోపల ఈక్విటీ వాటా మార్చుకుంటే పన్ను పడదు. అది ఉన్నవాళ్లు ముందు అక్కడ సర్దుకోవచ్చు.

యాంకర్: తర్వాతి కాలర్, హైదరాబాద్ నుంచి.

కాలర్: హాయ్ అండీ. నావి 2 లక్షలు. 80-20 అనుకున్నాను, 83 అయింది. ప్రతి నెలా సరిచేస్తున్నాను.

సలహాదారు: ఆపెయ్యి బాబూ! 3 శాతం అంటే 6 వేలు. ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో తొందరగా అమ్మినందుకు కోసుకునే ఎగ్జిట్ లోడ్ అదనం. నీ మొత్తానికి నెలవారీ సిప్పే సర్దుబాటు. ఏడాదికోసారి చూసుకో, చాలు.

యాంకర్: కాకినాడ నుంచి ఒక అమ్మ ఉన్నారు.

కాలర్: నమస్కారమండీ. మా వారికి 58, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. ఇద్దరివీ కలిపి కోటి రూపాయలు. 78 లక్షలు ఈక్విటీ ఫండ్లలో, 22 లక్షలు ఎఫ్‌డీల్లో ఉన్నాయి. 60 శాతానికి దించాలని ఈయనకి చెబుతున్నాను. పన్ను పడుతుందని ఈయన గొడవ.

సలహాదారు: నెలకి ఎంత మిగులుతుందమ్మా?

కాలర్: 30 వేలు.

సలహాదారు: రెండేళ్లు మొత్తం ఎఫ్‌డీలో వేసినా 7 లక్షల 20 వేలు. ఈక్విటీ 73 శాతం దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఇక్కడ అమ్మక తప్పదు, 18 లక్షలవి. ఇక పన్ను సంగతి చూద్దాం. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లపై లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేలు దాటితే, దాటినదానిపై 12.5 శాతం, ఆపైన 4 శాతం సెస్సు. ఇంకో మెలిక, ఒక ఫోలియోలో, అంటే ఒక ఫండ్ ఖాతాలో, మొదట కొన్న యూనిట్లే మొదట అమ్ముడవుతాయి. అన్నిటికన్నా పాతవి, మామూలుగా లాభం ఎక్కువున్నవీ అవే. సగటు లాభం చూసి లెక్కేస్తే పన్ను తక్కువగా కనబడుతుంది. ఆ 18 లక్షల్లో సగం, 9 లక్షలు, లాభమే అనుకుందాం. ఒకే ఏడాది ఒకే పేరు మీద అమ్మితే పన్ను లక్షా 750 రూపాయలు.

కాలర్: అదే ఈయన అనేది!

సలహాదారు: ఈయన మాట తప్పు కాదు. కానీ ఇంకో లెక్క కూడా చూడాలి. 2020 జనవరి నుంచి మార్చి మధ్యలో నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. అలాంటిది రిటైర్మెంట్‌కి ముందు వస్తే, 78 లక్షల మీద పోయేది దాదాపు 30 లక్షలు, 60 లక్షల మీద 23 లక్షలు. తేడా 7 లక్షలు. పైగా ఈ పన్ను ఎప్పటికైనా అమ్మినప్పుడు కట్టాల్సిందే, చాలామటుకు ముందుగా కడుతున్నారంతే. మార్కెట్ పడకుండా పెరుగుతూ పోతే మాత్రం, అమ్మినందుకు కొంత లాభం చేజారుతుంది. అది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

కాలర్: (నవ్వుతూ) తిట్టనులెండి. పన్ను కొంచెమన్నా తగ్గుతుందా?

సలహాదారు: ఆ ఫండ్లన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయా?

కాలర్: 30 లక్షలవి నా పేరు మీద ఉన్నాయి. నేను టీచర్‌గా రిటైరయ్యాను, 61 ఏళ్లు. నా జీతం డబ్బులే అవి.

సలహాదారు: మీ జీతమే అంటున్నారు కాబట్టి చిక్కు లేదు. ఆయన ఇచ్చిన డబ్బయితే లాభం ఆయన లెక్కలోకే వచ్చేది. మార్చి రెండో వారంలో సగం, ఏప్రిల్ మొదటి వారంలో మిగతా సగం అమ్మండి, ఇద్దరి పేర్ల నుంచీ. అప్పుడు లక్షా 25 వేల మినహాయింపు నాలుగుసార్లు దొరుకుతుంది, మొత్తం 5 లక్షలు. ఒక్కొక్కరికి ఒక్కో ఏడాదిలో లాభం కనీసం అంత వచ్చేలా పంచుకోవాలి. మిగిలిన 4 లక్షల లాభంపై పన్ను 52 వేలు. సగానికి దగ్గరగా తగ్గింది. అమ్మే ముందు, ఫండ్ల ఖాతాల లెక్కలు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ సంస్థల సైట్లలో ఇంకా అమ్మని యూనిట్ల లాభం చూపించే స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. పాత యూనిట్లలో లాభం తక్కువున్న ఫండ్ నుంచే మొదలుపెట్టండి.

కాలర్: అమ్మిన డబ్బు ఎక్కడ వెయ్యాలి?

సలహాదారు: మీ యూనిట్ల డబ్బు మీ పేరు మీదే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వెయ్యొచ్చు, 30 లక్షల దాకా. వడ్డీపై మాత్రం పన్ను ఉంటుంది. ఆయన డబ్బు ఆయన పేరు మీద ఎఫ్‌డీలో వెయ్యండి. ఆయనకి 60 నిండాక ఆ స్కీమ్‌లోకి మార్చుకోవచ్చు.

కాలర్: ఈయన పక్కనే కూర్చుని ఉన్నారండీ, అన్నీ రాసుకుంటున్నారు.

సలహాదారు: అయితే మార్చి 31 దాకా ఆగొద్దని కూడా రాసుకోమనండి. కటాఫ్ టైమ్ దాటితే అమ్మకం ఏప్రిల్‌లోకి పోతుంది, ఒక ఏడాది మినహాయింపు ఊరికే పోతుంది.