ఎక్కువసార్లు వచ్చేది సున్నా, మిగిలేది మాత్రం లాభం
(కడపలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తిరునాళ్ళలో ఆరు బొమ్మల ఆట మీలో కొందరు చూసే ఉంటారు. గుడ్డ మీద ఆరు గళ్ళు, గడికొక బొమ్మ. అవే ఆరు బొమ్మలున్న పాచికలు మూడు. మనం ఏనుగు మీద పది రూపాయలు పెట్టామనుకోండి. మూడు పాచికల్లో ఒక్కదాని మీద ఏనుగు పడితే మన పది మనకిచ్చి, పైన పది ఇస్తారు. రెండింటి మీద పడితే పైన ఇరవై, మూడింటి మీదా పడితే ముప్పై. అసలు పడకపోతే మన పది పోయినట్టే.

ఈ ఆట న్యాయమైనదేనా అని అడిగితే చాలామంది ఇలా అంటారు: "ఒక్కో పాచిక మీద ఏనుగు పడే అవకాశం ఆరింట ఒకటి. మూడు పాచికలున్నాయి కాబట్టి ఆరింట మూడు, అంటే సగం. గెలుపు సగం, ఓటమి సగం, న్యాయమే కదా సార్!" వినడానికి బాగానే ఉంది. కానీ ఆ సగం అనేది గెలిచే అవకాశం కాదు. సగటున ఎన్ని ఏనుగులు పడతాయో చెప్పే సంఖ్య, అంటే ఏనుగుల అంకమధ్యమం. ఆటకు అర ఏనుగు! అలాంటిది ఏ పాచిక మీదా కనబడదు. అంకమధ్యమం ఒక ఫలితమే అయి ఉండాలన్న నియమం లేదు. మన గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

సరిగా లెక్కిద్దాం. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో ఏనుగు లేనివి 125. ఒక్క ఏనుగు ఉన్నవి 75, రెండున్నవి 15, మూడూ ఏనుగులే అయినది 1. లాభనష్టాలతో గుణించి కూడితే:

(125 × −10 + 75 × 10 + 15 × 20 + 1 × 30) / 216 = −170 / 216

అంటే సగటున ఆటకు దాదాపు 79 పైసల నష్టం. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫలితం మాత్రం పది రూపాయలు పోవడమే. దాన్ని బాహుళకం అంటాం. పరీక్షలో అంకమధ్యమం, అంటే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ అడిగితే −10 అని రాసేవాళ్ళు నిజానికి ఈ బాహుళకాన్ని రాస్తున్నారు.

ఇప్పుడు గుడ్డకు అవతలి వైపు, ఆట నడిపే ఆయన పక్కన కూర్చుందాం. నాకైతే లెక్క ఇక్కడినుంచే బాగా కనిపిస్తుంది. ఆరు గళ్ళలోనూ తలా పది రూపాయలున్నాయనుకోండి. మూడు పాచికల మీదా వేర్వేరు బొమ్మలు పడితే ఓడిన మూడు గళ్ళ ముప్పై తీసుకుని, గెలిచిన మూడు గళ్ళకు ముప్పై ఇస్తాడు. మిగిలేది సున్నా. ఇలా 216లో 120 సార్లు జరుగుతుంది. అంటే ఆయనకు ఎక్కువగా వచ్చే ఫలితం సున్నా! బాహుళకాన్ని నమ్ముకుంటే ఆయన పొద్దంతా ఊరికే కష్టపడుతున్నాడనుకోవాలి. కానీ రెండు పాచికలు మాత్రమే కలిసినప్పుడు నలభై తీసుకుని ముప్పై ఇస్తాడు, పది మిగులుతుంది. ఇలాంటివి 90. మూడూ కలిస్తే యాభై తీసుకుని ముప్పై ఇస్తాడు, ఇరవై మిగులుతుంది. ఇవి 6. మొత్తం 900 + 120 = 1020. దీన్ని 216తో భాగిస్తే ఆటకు సుమారు 4 రూపాయల 72 పైసలు. ఆరు గళ్ళకు పంచి చూడండి, మళ్ళీ అదే 79 పైసలు. "డబల్ పడింది, ఇరవై గెలిచా!" అని జనం కేకలు వేసే ఆటల్లోనే ఆయన సంపాదిస్తున్నాడు.

దీన్ని న్యాయమైన ఆటగా మార్చాలంటే? మూడు ఏనుగులకు ముప్పై బదులు రెండు వందలు ఇవ్వాలి. పైన −170 ఉన్నచోట 170 కలుస్తుంది, మొత్తం సున్నా అవుతుంది. మూడు వందలిస్తే ఆట మనకే అనుకూలం, ఆటకు 46 పైసల లాభం. చూశారా, అంకమధ్యమం నష్టం నుంచి సున్నాకు, సున్నా నుంచి లాభానికి మారింది. బాహుళకం మాత్రం మూడు ఆటల్లోనూ −10 దగ్గరే ఉంది. అందుకే ఆట న్యాయమా కాదా అన్నది బాహుళకాన్ని అడిగి ప్రయోజనం లేదు.

అలాగని న్యాయమైన ఆటలో ఎవరూ నష్టపోరని కాదు. రెండు వందలిచ్చే ఆటనే తీసుకోండి. మూడు ఏనుగులు పడే ఆ ఒక్క ఫలితాన్ని తీసేస్తే మిగిలిన 215లో సగటున ఆటకు 93 పైసలు పోతాయి. ఇరవై ఆటలాడినా మూడు ఏనుగులు ఒక్కసారైనా కనబడే అవకాశం 9 శాతమే. ఆ అవకాశం సగానికి చేరాలంటే 150 ఆటలాడాలి. జేబులో వంద రూపాయలే ఉన్నవాడి డబ్బు ఆలోపే అయిపోవచ్చు. సగటు సున్నాయే అయినా ఫలితాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పడానికి ఇంకో సంఖ్య కావాలి. అదే విస్తృతి. దాన్ని ఈ ఆటకే బోర్డు మీద లెక్కిద్దాం, ఆ చాక్‌పీసు ఇటివ్వండి.