చిన్న కేసులో ప్రాసెసర్ థ్రాటిల్ అవుతోందా? కూలర్ కొనే ముందు వాట్లు చూడండి

"నాది రైజెన్ 7 7700X. చిన్న కేసు, కూలర్‌కి 50 మిల్లీమీటర్ల ఎత్తే ఉంది. రెండర్ పెడితే 95 డిగ్రీలకు వెళ్లి, క్లాక్ 4.4కి పడిపోతోంది. ఇంకో ఎయిర్ కూలర్ కొననా, లిక్విడ్‌కి వెళ్లనా?"

నమస్తే అండి. ముందుగా, 95 డిగ్రీలు చూసి టెన్షన్ పడకండి. ఈ ప్రాసెసర్‌కి అది హద్దు. లోడ్ ఎక్కువైతే అక్కడి దాకా వెళ్లి, దాన్ని దాటకుండా క్లాక్ తగ్గించుకోవడం దాని పద్ధతి. అసలు సమస్య మీరు చెప్పిన 4.4. దీని బేస్ క్లాక్ 4.5 గిగాహెర్ట్జ్. అంతకన్నా కిందికి వచ్చిందంటే వేడి నిజంగానే బయటికి పోవడం లేదు.

ఇప్పుడు HWiNFO తెరిచి, డిగ్రీలను పక్కన పెట్టి `CPU PPT` అనే వరుస చూడండి. ప్రాసెసర్ ఎన్ని వాట్లు వాడుతోందో అది చెబుతుంది. 7700X కి పూర్తి పరిమితి 142 వాట్లు. 95 డిగ్రీల దగ్గర ఆగిపోయినప్పుడు అక్కడ కనిపించే అంకే, మీ కేసులో మీ కూలర్ మోయగలిగే బరువు.

కేసు మూసి ఇరవై నిమిషాలు రెండర్ నడిపి ఆ అంకె రాసుకోండి. తర్వాత సైడ్ ప్యానెల్ తీసేసి మళ్లీ అంతే సేపు నడపండి. రెండుసార్లూ 95 డిగ్రీలే కనిపించవచ్చు, అందుకే చాలామంది "ప్యానెల్ తీసినా తేడా లేదు" అని పొరబడతారు. తేడా వాట్లలో ఉంటుంది.

మూసినప్పుడు 70, తెరిస్తే 95 వాట్లు వచ్చాయనుకుందాం. కూలర్ బాగానే ఉంది, దానికి చల్లని గాలి అందడం లేదు. చిన్న ఎయిర్ కూలర్ ఫ్యాన్‌కీ, రంధ్రాలున్న ప్యానెల్‌కీ మధ్య ఖాళీ ఉంటే, హీట్‌సింక్ నుంచి వచ్చిన వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ పీల్చుకుంటుంది. ఆ ఖాళీని చుట్టూ ఫోమ్‌తో మూసి, ఫ్యాన్ నేరుగా బయటి గాలి లాగేలా చేయండి. కూలర్ కొనే డబ్బుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. ఆపై బయోస్‌లో `Eco Mode` 65W పెట్టండి. పేరు 65 అయినా అప్పుడు పరిమితి 88 వాట్లు. గేముల్లో తేడా దాదాపు తెలియదు, రెండర్ కొంచెం నెమ్మదిస్తుంది. ఇలాంటి కేసులో నేనైతే ఇక్కడే ఆగిపోతాను.

తెరిచినా 70 దగ్గర నుంచి 74కే వెళ్లిందనుకోండి. అప్పుడు కేసు గాలిని నిందించలేం. ముందు కూలర్ ఊడదీసి పేస్ట్ చూడండి. ఒక మూల మందంగా, ఇంకో మూల పలచగా ఉంటే స్క్రూలు సమానంగా బిగియలేదన్నమాట. లోడ్ పెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే 95 తగిలితే కూడా అనుమానం ఇక్కడే. పేస్ట్ సరిగానే ఉంటే, ఆ సైజు హీట్‌సింక్ సత్తా అంతే. 50 మిల్లీమీటర్లలో ఇంకో ఎయిర్ కూలర్ కొన్నా పెద్దగా మారదు. మీరు గంటల తరబడి రెండర్ చేసేవారైతే 240 లిక్విడ్ కూలర్‌కి అర్థం ఉంది.

అయితే కొలతలు ముందే చూసుకోండి. రేడియేటర్ మందం మామూలుగా 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25, కలిపి 52. పేరులో 240 ఉన్నా, రెండు చివర్లా ట్యాంకులుంటాయి కాబట్టి పొడవు 275 దాకా వస్తుంది. పైపులు వంగడానికి చోటు, ర్యామ్ ఎత్తు కూడా చూడాలి. కేసు పేజీలో "240 పడుతుంది" అని రాసి ఉంటే సరిపోదు, ఏ ఫ్యాన్ మందంతో పడుతుందో చదవండి.

రేడియేటర్ ఎక్కడ పెట్టాలన్నది దీనికన్నా కష్టం. పైన పెట్టి గాలి బయటికి తోస్తే, గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు వేడి అంతా దానిలోంచే పోతుంది, నీళ్లు వేడెక్కుతాయి. పక్కన పెట్టి బయటి గాలి లోపలికి లాగితే ప్రాసెసర్ చల్లగా ఉంటుంది కానీ ఆ వేడి కార్డు మీద పడుతుంది. రెండర్‌కి ప్రాసెసర్ మాత్రమే పనిచేస్తుంటే పైనే బాగుంటుంది. ఎక్కడ పెట్టినా పంపు మాత్రం రేడియేటర్ పైభాగం కన్నా కిందే ఉండాలి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరి గరగరమంటుంది. ఇంకో విషయం, మీ పాత కూలర్ ఫ్యాన్ మదర్‌బోర్డు పవర్ భాగాల మీదికి, M.2 డ్రైవ్ మీదికి కూడా గాలి ఊదేది. అది పోతుంది కాబట్టి వాటి వేడి కూడా గమనించండి.

పెట్టాక పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి ప్యానెల్ మూసి అరగంట. నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి మొదటి ఐదు నిమిషాల అంకెలు బాగుంటాయి. చివరి పది నిమిషాల వాట్లనే పాత అంకెతో పోల్చండి.